ఫిషింగ్ మెయిల్స్ పట్టే టూల్: 0.99 వచ్చినది తీసుకోవాలా, 0.95 వచ్చినదా?

శ్రీలత, బెళ్లందూరు · సోమవారం ఉదయం 10:20

అందరికీ నమస్కారం. మాది బెంగళూరులో సరుకు రవాణా ఏజెన్సీ, ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆఫీసు, సుమారు 900 మంది ఉద్యోగులం. నేను ఫైనాన్స్‌లో ఉంటాను. ఏది కొనాలన్నా చివర్లో నా సంతకం కావాలి.

మోసపు మెయిల్స్ పట్టడానికి ఐటీ వాళ్లు రెండు టూల్స్ చూసి పెట్టారు. మొదటి కంపెనీ బ్రోచర్‌లో యాక్యురసీ 97%, ప్రెసిషన్ 98%, రీకాల్ 96%, ఏయూసీ 0.99 అని పెద్ద అక్షరాలతో ఉంది. రెండో కంపెనీ ఏయూసీ 0.95 మాత్రమే, పైగా ధర కూడా కొంచెం ఎక్కువే. అయినా మా ఐటీ అబ్బాయి రెండోదే తీసుకుందామంటున్నాడు. ఎందుకని అడిగితే "మేడమ్, కర్వ్ ఎడమ పక్కన చూడండి" అంటాడు. చూశాను. రెండు గీతలు ఒకచోట ఒకదాన్నొకటి దాటుతున్నాయి. అంతకు మించి నాకేమీ అర్థం కాలేదు.

తక్కువ మార్కులు వచ్చినదానికి ఎక్కువ డబ్బు ఎందుకు పెడుతున్నామని ఎండీ గారు అడిగితే నేనేం చెప్పాలి? మాకు బయటి నుంచి రోజుకు దాదాపు 20,000 మెయిల్స్ వస్తాయి. మామూలు స్పామ్ ఫిల్టర్ ఆపేవి పోగా మిగిలిన లెక్క ఇది. వాటిలో నిజంగా మోసపువి రోజుకు ఓ 20 ఉంటాయని ఐటీ అంచనా. తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పగలరా?

కిరణ్ డేటా · సోమవారం 10:52

శ్రీలత గారూ, ఇది అంత కష్టమేం కాదండి. ఈ టూల్స్ ప్రతి మెయిల్‌కీ ఒక స్కోరు వేస్తాయి. ఒక మోసపు మెయిల్‌నీ ఒక మంచి మెయిల్‌నీ చీటీ తీసినట్టు తీసి పక్కపక్కన పెడితే, మోసపుదానికి ఎక్కువ స్కోరు వచ్చే అవకాశం ఎంతో ఏయూసీ చెబుతుంది. 0.99 అంటే నూటికి తొంభై తొమ్మిది జతల్లో సరిగ్గా చెబుతోందన్నమాట. రెండోది తొంభై ఐదు జతల్లోనే చెబుతోంది. ధర కూడా మొదటిదే తక్కువంటున్నారు కాబట్టి ఇక ఆలోచించడానికేముంది? మీ ఐటీ అబ్బాయికి ఆ కంపెనీలో తెలిసినవాళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కోండి.

వేణుగోపాల్ ఆర్ · సోమవారం 11:15

దీనికి టూల్ దేనికమ్మా? మెయిల్ తెరిచి పైన మూడు చుక్కలు నొక్కితే పంపినవాళ్లని బ్లాక్ చేయొచ్చు. నాకు రోజూ లోన్ ఇస్తాం, ప్లాట్ ఇస్తాం అని వచ్చేవన్నీ అలాగే ఆపేశాను. ఇప్పుడు ఒక్కటీ రావడం లేదు.

శ్రీలత, బెళ్లందూరు · సోమవారం 11:31

వేణుగోపాల్ గారూ, మాకు ప్రకటనలతో బాధ లేదండి. మా పాత కస్టమర్ పేరుతోనే "మా బ్యాంకు ఖాతా మారింది, ఈ ఇన్‌వాయిస్ డబ్బు కొత్త ఖాతాకి వేయండి" అని వస్తాయి. ప్రతిసారీ కొత్త అడ్రస్ నుంచి వస్తాయి, బ్లాక్ చేద్దామంటే అప్పటికే పని జరిగిపోయి ఉంటుంది.

రాజశేఖర్ ఎం · సోమవారం మధ్యాహ్నం 1:05

కిరణ్ చెప్పిన ఏయూసీ అర్థం సరైనదే. దాని మీద కట్టిన తీర్పుతోనే నాకు పేచీ. ఆ ఐటీ అబ్బాయి మీద అనుమానం కూడా అనవసరం, అతను చూడమన్నచోటే చూడాలి.

శ్రీలత గారూ, రెండు సంగతులు చెప్పండి. బ్రోచర్‌లో ఆ 98% ప్రెసిషన్ ఎలాంటి మెయిల్స్ మీద వచ్చిందో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అందులో మోసపువి ఎన్ని, మంచివి ఎన్ని? రెండోది, టూల్ పట్టి ఇచ్చిన మెయిల్స్‌ని మీ ఆఫీసులో ఎవరు చూస్తారు, రోజుకి ఎన్ని చూడగలరు?

శ్రీలత, బెళ్లందూరు · సోమవారం 2:40

వెతికితే ఆఖరి పేజీ అడుగున దొరికింది. మొత్తం 10,000 మెయిల్స్, వాటిలో 5,000 మోసపువి, 5,000 మంచివి. మా దగ్గర చూసేది ఇద్దరు. వాళ్లకి వేరే పనులు కూడా ఉన్నాయి, రోజులో సగం ఈ పనికి పెట్టగలరు. ఒక్కో అలర్ట్‌కి సగటున ఎనిమిది నిమిషాలు పడుతుందని చెప్పారు. ఆ లెక్కన ఇద్దరూ కలిసి రోజుకి 60 దాకా చూడగలరు.

రాజశేఖర్ ఎం · సోమవారం 3:30

చూశారా, సగానికి సగం! మీ ఆఫీసులో మాత్రం వెయ్యికి ఒక్కటి. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు వాళ్ల పరీక్షలో ఏం జరిగిందో చూద్దాం. 5,000 మోసపు మెయిల్స్‌లో 96% పట్టింది, రీకాల్ అంటే ఇదే, అంటే 4,800. మంచి మెయిల్స్ 5,000 లో 100 ని పొరపాటున మోసం అంది, అంటే 2%. మొత్తం 4,900 అలర్ట్‌లలో 4,800 నిజమైనవి. కాబట్టి ప్రెసిషన్ 98%. అబద్ధం ఏమీ లేదు.

ఇప్పుడు అదే టూల్‌ని అదే సెట్టింగుతో మీ ఆఫీసులో పెట్టండి. 20 మోసపు మెయిల్స్‌లో 19 పట్టేస్తుంది, సంతోషమే. కానీ మంచి మెయిల్స్ 19,980 ఉన్నాయి. వాటిలో 2% అంటే 400. రోజుకి 419 అలర్ట్‌లు వస్తే వాటిలో నిజమైనవి 19. ప్రెసిషన్ 98 నుంచి ఐదు శాతం లోపుకి పడిపోయింది. టూల్ పాడవలేదు, మీ చుట్టూ ఉన్న మెయిల్స్ వేరు, అంతే. ఒక్కోదానికి ఎనిమిది నిమిషాలంటే 419 కి 56 గంటల పని. మీ దగ్గరున్నది 8 గంటలు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. నెట్‌వర్క్ చొరబాట్లు పట్టే వ్యవస్థల గురించి స్టెఫాన్ ఆక్సెల్సన్ 1999 లోనే ఇదే వాదన చేశాడు. పట్టాల్సినది మరీ అరుదైనప్పుడు, టూల్ ఎంత బాగా పడుతుందన్న దానికంటే మంచివాటి మీద ఎంత తక్కువగా అరుస్తుందన్నదే దాని గతిని తేలుస్తుందని. ఇన్నేళ్లయినా బ్రోచర్లలో మాత్రం సగం సగం పరీక్షలే కనబడుతున్నాయి.

అన్నట్టు, ఆ 97% యాక్యురసీని అసలు చూడకండి. ఏ మెయిల్‌నీ పట్టకుండా అన్నీ మంచివే అని వదిలేసే టూల్‌కి కూడా మీ ఆఫీసులో 99.9% యాక్యురసీ వస్తుంది.

నాగమణి, పీణ్య · సోమవారం 5:10

మధ్యలో అడ్డొస్తున్నాను, మన్నించండి. మాది పీణ్యలో కాస్టింగ్ యూనిట్. ముక్కలో పగులు, గాలి బుడగ ఉంటే పట్టడానికి కెమెరా టూల్ పెట్టుకున్నాం. మాది కూడా దాదాపు ఇలాంటి అంకెలే, మంచి ముక్కని తప్పుగా తీసేయడం 2% దగ్గర, చెడ్డది పట్టడం 95 పైన. మాకు ఏ ఇబ్బందీ రాలేదే. తీసి పక్కన పెట్టిన ముక్కల్లో సగానికి పైగా నిజంగానే చెడ్డవి ఉంటాయి. మీరు మరీ భయపెడుతున్నారేమో అనిపిస్తోంది.

రాజశేఖర్ ఎం · సోమవారం 5:42

నాగమణి గారూ, మీ దగ్గర వందకి ఎన్ని ముక్కలు చెడ్డవి వస్తాయి?

నాగమణి, పీణ్య · సోమవారం 5:50

అచ్చుని బట్టి మారుతుంటుంది. మూడు అనుకోండి.

రాజశేఖర్ ఎం · సోమవారం 6:15

అయితే మీ అనుభవం లెక్కకి సరిగ్గా సరిపోతోంది. వెయ్యి ముక్కల్లో 30 చెడ్డవి, టూల్ 29 పడుతుంది. మంచివి 970, వాటిలో 2% అంటే 19 ఊరికే పక్కకి వస్తాయి. 48 ముక్కల్లో 29 నిజంగా చెడ్డవి, ప్రెసిషన్ 60%. ఆ 19 ముక్కల్ని మనిషి చేత్తో తీసుకుని చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

దాదాపు ఒకే రీకాల్, ఒకే తప్పుడు అలారం రేటు. బ్రోచర్‌లో 98, పీణ్యలో 60, శ్రీలత గారి ఆఫీసులో 5. అందుకే "మీ ప్రెసిషన్ ఎంత" అని వెండర్‌ని అడగడంలో పెద్దగా అర్థం లేదు. "మంచివాటిలో ఎన్నింటి మీద అరుస్తారు, చెడ్డవాటిలో ఎన్ని పడతారు" అని అడగాలి. ఆ రెండూ మోసపు మెయిల్స్ ఎన్ని వస్తున్నాయన్న దాన్ని బట్టి మారవు. ప్రెసిషన్ మీరే వేసుకోవచ్చు, మీ సొంత నిష్పత్తితో.

కిరణ్ డేటా · సోమవారం రాత్రి 9:20

రాజశేఖర్ గారూ, సరే, ఒప్పుకుంటున్నాను. కానీ అప్పుడు శ్రీలత గారు చూసిన ఆ ఆర్‌ఓసీ కర్వే పనికిరాదని అనాలి కదా? అరుదైనవాటికి ప్రెసిషన్-రీకాల్ కర్వ్ మాత్రమే చూడాలని చాలాచోట్ల చదివాను. ఆర్‌ఓసీ తీసి పక్కన పెట్టేద్దాం.

రాజశేఖర్ ఎం · సోమవారం 10:05

అంత అక్కర్లేదు బాబూ. చెడ్డవి ఎన్ని, మంచివి ఎన్ని అన్నది స్థిరంగా ఉంటే ఆ రెండు కర్వ్‌ల్లోనూ ఉన్న సమాచారం ఒక్కటే. ఒకదాంట్లోంచి రెండోది గీసుకోవచ్చు. 2006 లో డేవిస్, గోడ్రిచ్ ఇదే చూపించారు. తేడా అంతా కంటికి ఏది కనిపిస్తుందన్న దగ్గరే. ఆర్‌ఓసీలో నిలువుగా రీకాల్, అడ్డంగా తప్పుడు అలారం రేటు 0 నుంచి 100% దాకా పరుచుకుని ఉంటుంది. శ్రీలత గారికి పనికొచ్చేదల్లా అందులో మొదటి అర శాతం. బొమ్మలో అది వెంట్రుక మందం కూడా ఉండదు. ఏయూసీ మాత్రం మొత్తం గీత కింద వైశాల్యం తీసుకుంటుంది. తప్పుడు అలారాలు 30% ఉన్నచోట ఈ టూల్ ఎంత బాగుందో కూడా మార్కుల్లో కలిపేస్తుంది. 30% అంటే రోజుకి 6,000 తప్పుడు అలర్ట్‌లు! ఆ చోట ఎవరు మెరుగైతే మనకేంటి?

ఇంకో సంగతి. ప్రెసిషన్-రీకాల్ కర్వ్ వెండర్ పరీక్షలో గీసిందైతే అదీ సగం సగం మెయిల్స్ మీద గీసిందే, మీకు అలాగే పనికిరాదు. ఆర్‌ఓసీ మాత్రం నిష్పత్తి మారినా మారదు కాబట్టి దాని మీదున్న పాయింట్లు తెచ్చుకుని మన లెక్క మనం వేసుకోవచ్చు. వెండర్ దగ్గర ఆర్‌ఓసీ అడగండి, ఆఫీసుకి తెచ్చుకున్నాక మీ నిష్పత్తితో ప్రెసిషన్-రీకాల్ గీసుకోండి.

శ్రీలత గారూ, రెండు గీతల మీదా తప్పుడు అలారం రేటు 0.2% దగ్గర రీకాల్ ఎంతుందో మీ ఐటీ అబ్బాయిని చదివి చెప్పమనండి. 0.2% ఎందుకంటే, మీ 19,980 మంచి మెయిల్స్‌లో అది రోజుకి 40 తప్పుడు అలర్ట్‌లు. పట్టిన నిజమైనవి కూడా కలిపితే మీ ఇద్దరి 60 లోపు సర్దుకుంటుంది.

శ్రీలత, బెళ్లందూరు · మంగళవారం ఉదయం 11:10

చదివించాను. 0.2% దగ్గర మొదటిదానికి రీకాల్ 55%, రెండోదానికి 80%. అదే 2% దగ్గర చూస్తే మొదటిది 96, రెండోది 85. గీతలు దాటేది ఈ రెండింటి మధ్యలోనే. అంటే నాకు అర్థమైంది సరేనా? రోజుకి 40 తప్పుడు అలర్ట్‌లు భరిస్తే, మొదటిది 20 లో 11 పడుతుంది, 9 వదిలేస్తుంది. రెండోది 16 పడుతుంది, 4 వదిలేస్తుంది. మావాళ్ల పని దాదాపు సమానమే, 51 అలర్ట్‌లు ఒకచోట, 56 ఇంకోచోట.

రాజశేఖర్ ఎం · మంగళవారం 11:35

అక్షరాలా అంతే. ఎండీ గారికి ఈ నాలుగు వాక్యాలే చెప్పండి, ఏయూసీ ఊసెత్తొద్దు. మీ మనుషులు ఇద్దరి బదులు పదిహేను మంది ఉండుంటే ఇదే కర్వ్ చూసి మొదటిదే కొనమని చెప్పేవాణ్ని.

ఫరీదా, నైట్ షిఫ్ట్ · మంగళవారం సాయంత్రం 4:25

నేను చెన్నైలో ఒక కంపెనీకి రాత్రి షిఫ్టులో ఈ అలర్ట్‌లే చూస్తాను. రాజశేఖర్ గారి లెక్కతో నాకు తగవు లేదు కానీ, "ఎనిమిది నిమిషాలు, రోజుకి 60" అన్న మాట మీద చెప్పాల్సింది ఉంది.

ఒక అలర్ట్ వస్తే ఏం చేస్తామో చెప్తాను. పంపినవాళ్ల పేరు మీ కస్టమర్‌దే. అడ్రస్ దగ్గరగా చూస్తే డొమైన్‌లో `m` ఉండాల్సిన చోట `r`, `n` పక్కపక్కన ఉంటాయి, చదివేటప్పుడు కన్ను దాటేస్తుంది. కొన్నిసార్లు అడ్రస్ బాగానే ఉంటుంది, హెడర్ తెరిస్తే `Reply-To` మాత్రం ఇంకెక్కడికో ఉంటుంది. ఎస్‌పీఎఫ్, డీకిమ్ అని, మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందా అని చూసే పరీక్షలు రెండూ పాస్ అని వస్తాయి, ఎందుకంటే ఆ నకిలీ డొమైన్ మోసగాడి సొంతం, వాడు అన్నీ సరిగ్గా పెట్టుకుంటాడు. అప్పుడు డొమైన్ ఎప్పుడు రిజిస్టర్ అయిందో చూడాలి. నాలుగు రోజుల క్రితం అయితే తేలిపోయినట్టే. ఇదంతా రెండు మూడు నిమిషాల పని.

కానీ పాత కస్టమరే, నిజమైన అడ్రస్ నుంచే, బ్యాంకు ఖాతా మారిందని రాస్తే? వాళ్ల మెయిల్ బాక్స్‌లోకే ఎవరో దూరి ఉండొచ్చు, లేదా నిజంగానే ఖాతా మారి ఉండొచ్చు. అప్పుడు మెయిల్‌లో ఉన్న నంబరుకి కాకుండా మన దగ్గరున్న పాత నంబరుకి ఫోన్ చేసి కనుక్కోవాలి. అవతలివాళ్లు ఫోన్ ఎత్తేసరికి అరగంట, ఒక్కోసారి పూటంతా. సగటు ఎనిమిది నిమిషాలన్నప్పుడు ఈ రెండు రకాలూ కలిసిపోయి ఉంటాయి.

ఇంకోటి, తప్పుడు అలర్ట్‌లు ఆఫీసంతా సమానంగా పడవు. డబ్బు, ఇన్‌వాయిస్, ఖాతా అన్న మాటలున్న మంచి మెయిల్స్ మీదే ఎక్కువ పడతాయి. రోజుకి 40 అన్నారు కదా, వాటిలో ఒక 25 మీ అకౌంట్స్ వాళ్లవే అయ్యాయనుకోండి, వాళ్లకి వచ్చేవి 1,500 మెయిల్స్ అనుకోండి. వాళ్ల వరకు తప్పుడు అలారం రేటు 0.2 కాదు, 1.7%. నాలుగు రోజులకి వాళ్లు విసిగిపోయి, వచ్చిన ప్రతిదాన్నీ చూడకుండానే వదిలేయమంటారు. నిజమైన మోసం వచ్చేది కూడా ఆ డిపార్ట్‌మెంట్‌కే.

కాబట్టి మొత్తం ఆఫీసుకి ఒక అంకె కాకుండా, అకౌంట్స్‌కి వేరుగా కర్వ్ గీయించండి.

రాజశేఖర్ ఎం · మంగళవారం 5:00

ఫరీదా గారు చెప్పింది నేను చెప్పాల్సినదానికన్నా ముఖ్యమైనది. కర్వ్ ఎవరి మెయిల్స్ మీద గీశారన్నదే అసలు ప్రశ్న.

శ్రీలత, బెళ్లందూరు · బుధవారం ఉదయం 10:05

ఫరీదా గారూ, మీరు చెప్పిన పాత కస్టమర్ అడ్రస్ రకమే మాకు ఎక్కువ. మా అకౌంట్స్‌కి రోజుకి 1,800 మెయిల్స్ వస్తాయట, మీ అంచనా దగ్గరగానే ఉంది.

ఇప్పుడు నా కొత్త సందేహం. ఆ 55, 80 కూడా వెండర్లు ఇచ్చినవే కదా, వాటిని నమ్మడమెలా? రెండు కంపెనీలూ ఉచితంగా ట్రయల్ ఇస్తామంటున్నాయి. కానీ ట్రయల్‌లో టూల్ పట్టినవి కనిపిస్తాయి, వదిలేసినవి కనిపించవు. వదిలేసినవి తెలియకుండా రీకాల్ ఎలా లెక్క కడతారు?

రాజశేఖర్ ఎం · బుధవారం 12:20

ఈ ప్రశ్న వెండర్ల ముందు అడగండి, వాళ్ల ముఖాలు చూడండి. చాలామంది ట్రయల్ రిపోర్టుల్లో "రీకాల్" అని రాసేది, వాళ్ల టూల్ పట్టినవాటినే లెక్కలో పెట్టుకుని.

రెండు టూల్స్‌నీ ఒకేసారి, ఒకే మెయిల్స్ మీద నడపండి. ఏదీ ఆపొద్దు, స్కోరు మాత్రం రాసుకోమనండి. పాత మెయిల్స్ ఇచ్చి పరీక్షించొద్దు, ఆ మోసాలు అప్పటికే వాళ్ల జాబితాల్లోకి ఎక్కి ఉంటాయి, రీకాల్ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. రోజూ ఒక్కో టూల్ ఎక్కువ స్కోరు ఇచ్చిన 200 మెయిల్స్ తీసుకుని రెండు జాబితాలూ కలిపేయండి. చాలావరకు రెండింట్లోనూ ఉన్నవే అవుతాయి. వీటికి మీ ఉద్యోగులు అనుమానమొచ్చి ఐటీకి పంపినవి కూడా చేర్చండి. ఈ కుప్పని మనిషి చూసి మోసమా కాదా అని రాయాలి. చూసేవాళ్లకి ఏ టూల్ ఎంత స్కోరు ఇచ్చిందో కనిపించకూడదు. పని ఎక్కువే, ట్రయల్ జరిగినన్ని రోజులు ఇంకో ఇద్దరిని కూర్చోబెట్టాల్సిందే.

"మిగిలినవాటిలోంచి ఊరికే ఒక వెయ్యి తీసి చూస్తే సరిపోదా" అని మీకెవరైనా చెప్పొచ్చు. సరిపోదు. ఆ వెయ్యిలో ఒక్క మోసం కూడా కనపడకపోయినా, వెయ్యికి మూడు దాకా ఉండే అవకాశాన్ని అది కొట్టిపారేయలేదు. పది రోజుల మెయిల్స్ రెండు లక్షలు, వాటిలో 600 దాక్కుని ఉన్నా ఆ వెయ్యికి చిక్కకపోవచ్చు.

ఎన్ని రోజులంటారా? రెండు రోజులు నడిపితే మోసపువి ఓ 40 దొరుకుతాయి. వాటిలో 32 పట్టిందంటే రీకాల్ 80%, కానీ అసలు విలువ 65 నుంచి 90 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పది పనిదినాలు నడిపి 200 లో 160 పట్టిందంటే అదే 80%, ఇప్పుడు 74 నుంచి 85 మధ్య. దీంతో నిర్ణయం తీసుకోవచ్చు. రెండు టూల్సూ ఒకే మెయిల్స్ చూశాయి కాబట్టి, ఒకటి పట్టి ఇంకోటి వదిలేసిన మెయిల్స్‌ని మాత్రం విడిగా ముందేసుకుని చదవండి. ఏది మీకు ఎక్కువ నష్టం చేసే రకాన్ని వదిలేస్తోందో అక్కడ బయటపడుతుంది.

చివర్లో ఒక ఫైలు వస్తుంది, వరుసకొక మెయిల్, రెండు స్కోర్లు, మనిషి రాసిన 1 లేదా 0. కుప్పలోకి రాని మెయిల్స్‌కి 0 పెట్టుకోవాలి. మీ ఐటీ అబ్బాయికి ఇది ఇవ్వండి:

```python
import pandas as pd
from sklearn.metrics import roc_curve

d = pd.read_csv("trial.csv")
for t in ["score_1", "score_2"]:
    fpr, tpr, thr = roc_curve(d["label"], d[t])
    ok = fpr <= 0.002
    print(t, tpr[ok][-1], thr[ok][-1])
```

తప్పుడు అలారం 0.2% దాటకుండా ఒక్కో టూల్‌కి వచ్చే రీకాలూ, ఏ స్కోరు దాటితే అలర్ట్ ఇవ్వాలో చెప్పే థ్రెషోల్డూ ఇది చూపిస్తుంది. అకౌంట్స్ మెయిల్స్ మాత్రమే వడకట్టి ఇంకోసారి నడిపితే ఫరీదా గారు అడిగిన కర్వ్ కూడా వచ్చేస్తుంది. మెయిల్స్ తక్కువ కాబట్టి అక్కడ అంకెలు కాస్త ఊగుతాయి.

కిరణ్ డేటా · బుధవారం 1:45

రెండూ వదిలేసినవాటిని అంచనా వేయడానికి ఒక దారి ఉంది. చెరువులో చేపలు లెక్కపెట్టే పద్ధతి. మొదటిది 110 పట్టింది, రెండోది 160, రెండూ పట్టినవి 90 అనుకోండి. 110 ని 160 తో గుణించి 90 తో భాగిస్తే 196. మనకి కనిపించినవి 180 కాబట్టి ఇద్దరి కళ్లూ కప్పినవి ఓ 16 ఉంటాయి.

ఫరీదా, నైట్ షిఫ్ట్ · బుధవారం 2:30

కిరణ్, ఆ పద్ధతికి రెండు టూల్సూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పట్టాలి. ఇవి అలా ఉండవు. చెడ్డ లింకుల జాబితాలు చాలావరకు ఒకే చోటు నుంచి తెచ్చుకుంటాయి, ఒకదానికి తేలికైనది రెండోదానికీ తేలికే. లింకు గానీ ఫైలు గానీ లేకుండా రెండే వాక్యాలతో వచ్చే మెయిల్‌ని రెండూ కలిసే వదిలేస్తాయి. కాబట్టి వదిలేసినవి నీ 16 కంటే ఎక్కువే ఉంటాయి.

కిరణ్ డేటా · బుధవారం 2:41

అవును, కనీసం ఇన్ని ఉంటాయి అని చెప్పడానికే వాడొచ్చేమో. పై హద్దు తెలియదు.

శ్రీలత, బెళ్లందూరు · గురువారం ఉదయం 9:50

రెండు కంపెనీలకీ నిన్న సాయంత్రమే మెయిల్ పెట్టాను. పది పనిదినాల ట్రయల్, ప్రతి మెయిల్‌కీ స్కోరు ఫైలుగా ఇవ్వాలి, వాళ్లు తేల్చిన "మోసం / మంచిది" అన్న మాట ఒక్కటీ చాలదు అని. రెండో కంపెనీ ఒప్పుకుంది. మొదటివాళ్లు "ఎక్కువ, మధ్యస్థం, తక్కువ" అని మూడు మెట్లుగా మాత్రమే ఇస్తామంటున్నారు. దాంతో కర్వ్ గీయొచ్చా?

ఇంకో ప్రశ్న, మా ఐటీ అబ్బాయిది. ఒక్కోరోజు ఒకే మోసపు మెయిల్ 150 మందికి ఒకేసారి వస్తుంది. దాన్ని 150 గా లెక్కపెట్టాలా, ఒకటిగానా?

రాజశేఖర్ ఎం · గురువారం 10:30

మూడు మెట్లు ఇస్తే కర్వ్ మీద మధ్యలో రెండే పాయింట్లు వస్తాయి. వాటిలో ఒకటి మీ 0.2% దగ్గర పడితే అదృష్టం, లేకపోతే థ్రెషోల్డ్ మీ చేతిలో ఉండదు, వాళ్లు పెట్టినదే. కొన్నాక కూడా అంతే. వాళ్లని గట్టిగా అడగండి, లోపల స్కోరు ఉండే ఉంటుంది.

రెండోదానికి, ఒకటిగానే లెక్కపెట్టండి. లేకపోతే ఆ ఒక్క రోజు అదృష్టం పది రోజుల రీకాల్‌ని మింగేస్తుంది. నేను పైన చెప్పిన 74 నుంచి 85 అన్న హద్దు కూడా 200 వేర్వేరు మోసాలు ఉన్నప్పుడే నిలుస్తుంది.

ఫరీదా, నైట్ షిఫ్ట్ · గురువారం 11:15

నేను ఒప్పుకోను. 150 మందికి వచ్చినదాన్ని 149 దగ్గర ఆపి ఒకరి దగ్గర వదిలేస్తే, ఆ ఒక్కరు నొక్కితే చాలు. ఒకటిగా లెక్కపెడితే అది "పట్టింది" కింద రాసేస్తారు. అలా నొక్కినదే సంఘటనగా మారితే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం 6 గంటల్లో రిపోర్టు చేయాలి, అప్పుడు ఆ ఒక్క మెయిల్ గురించే అడుగుతారు, మిగతా 149 గురించి కాదు. మొత్తం అందరి దగ్గరా ఆపితేనే పట్టినట్టు రాసుకోండి.

రాజశేఖర్ ఎం · గురువారం 11:40

అలా రాస్తే ఎక్కువమందికి వచ్చే మోసాల దగ్గర ఏ టూలూ గెలవదు, రెండింటికీ తేడా కనపడదు. రెండు రకాలుగానూ లెక్కించి పక్కపక్కన పెట్టమనండి శ్రీలత గారూ, ట్రయల్ ఫైలు వచ్చాక ఇక్కడే మళ్లీ చూద్దాం. పేర్లు, అడ్రస్‌లు తీసేసి స్కోర్లు, 1, 0 మాత్రం పెట్టండి.

వేణుగోపాల్ ఆర్ · గురువారం 12:10

శ్రీలత గారూ, ఇప్పుడు అర్థమైంది మీ బాధ. మా అబ్బాయి కంపెనీలో బయటి నుంచి వచ్చే ప్రతి మెయిల్ పైనా పసుపు పట్టీ వస్తుందట, "బయటి మెయిల్, జాగ్రత్త" అని. కొత్త టూల్ అనుమానపడినవాటిని ఆపకుండా అలా పట్టీ పెట్టి పంపితే, తప్పుడు అలర్ట్‌లు కొన్ని ఎక్కువైనా నష్టం లేదు కదా?

ఫరీదా, నైట్ షిఫ్ట్ · గురువారం 12:35

మంచి ప్రశ్న వేణుగోపాల్ గారూ. ఆపడానికి ఒక థ్రెషోల్డ్, పట్టీకి దానికంటే కింద ఇంకోటి పెట్టుకోవచ్చు, కర్వ్ మీద రెండు పాయింట్లు అన్నమాట. కానీ ప్రతి మెయిల్ మీదా పట్టీ ఉంటే ఎవరూ చదవరు. పట్టీ ఎంత శాతం మెయిల్స్ దాటితే జనం చూడటం మానేస్తారో మా ఆఫీసులో ఇంకా తేల్చుకోలేదు. మీ అబ్బాయిని అడిగి చెప్పండి, వాళ్ల దగ్గర పట్టీ చూసి ఎవరైనా ఐటీకి ఫోన్ చేస్తున్నారా?